చెరి సగం అని రాసుకున్నాక: ఇద్దరి భాగస్వామ్యంలో పెట్టుబడి, లాభం, విడిపోవడం

భీమవరం దగ్గర ఒక ఊళ్లో బావా, బావమరిదీ కలిసి రొయ్యల మేత ఏజెన్సీ పెట్టారు. డబ్బు ఎక్కువగా బావది, తిరుగుడంతా బావమరిదిది. నాలుగేళ్లు బాగానే నడిచింది. 2025 ఆగస్టులో మన రొయ్యల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక కిలోకు ఎన్ని రొయ్యలన్న కౌంట్‌నుబట్టి కట్టే ధరలు పడ్డాయి. పట్టుబడి అయిన రైతులు కూడా దుకాణం బాకీ తర్వాత చూద్దామన్నారు. ఆ టెన్షన్‌లోనే బావమరిది విడిపోతానన్నాడు. నేను ఈ చుట్టుపక్కల దుకాణాలకు లెక్కలు రాస్తుంటాను కాబట్టి ఇద్దరూ కలిసే నా దగ్గరికి వచ్చారు, చేతిలో వాళ్ల భాగస్వామ్య ఒప్పందం, అంటే డీడ్ పట్టుకుని.

డీడ్ మూడు పేజీలు. మొదటి రెండు పేజీల నిండా తండ్రుల పేర్లు, డోర్ నంబర్లు, వ్యాపారం పేరు, పెట్టుబడి అంకెలు, బ్యాంకు ఖాతా మీద ఎవరు సంతకం చెయ్యాలన్నది. మూడో పేజీలో లాభనష్టాల గురించి ఒకే ఒక్క వాక్యం: "లాభనష్టములు ఇరువురును సరిసమానముగా అనుభవించవలెను." దాని కింద, ఒకరు విరమించుకుంటే "మిగిలిన భాగస్తులు ఫర్మును కొనసాగించవచ్చును" అని ఉంది. ఉన్నదే ఇద్దరు. ఒకరు పోతే మిగిలేది ఒక్కరు. ఆ మాట నలుగురు భాగస్తుల డీడ్‌లోంచి ఎత్తి రాసిందని చూడగానే తెలిసిపోతుంది.

ఇలాంటి డీడ్లు మన వైపు వందల దుకాణాల బీరువాల్లో ఉంటాయి. అందుకే వీళ్లిద్దరి లెక్కనే వివరంగా చెబుతాను. అంకెలు సులువుగా ఉండేలా సర్దాను. పేర్లు అక్కర్లేదు, బావ, బావమరిది అంటే చాలు.

డీడ్‌లో లేనిది చట్టం పూరిస్తుంది

మన దేశంలో భాగస్వామ్యాలకు వర్తించేది 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం. ఇద్దరి మధ్య ఏ ఒప్పందం ఉంటే దాన్నే ఈ చట్టం చాలావరకు గౌరవిస్తుంది. ఒప్పందం ఏమీ చెప్పని చోట మాత్రం తన నియమాన్ని పెట్టేస్తుంది. ఆ నియమాలు ముఖ్యంగా 13వ సెక్షన్‌లో ఉన్నాయి, అవి చాలామంది అనుకున్నట్టు ఉండవు.

వ్యాపారంలో ఎంత కష్టపడినా భాగస్తుడికి జీతం ఉండదు. పెట్టుబడి ఎవరిది ఎంతైనా లాభం సమానం, నష్టం కూడా సమానం. పెట్టుబడి మీద వడ్డీ ఇవ్వాలని డీడ్‌లో రాసుకున్నా అది లాభంలోంచే తప్ప చేతి నుంచి ఇచ్చేది కాదు. కానీ ఒప్పుకున్న పెట్టుబడి కంటే ఎక్కువ డబ్బు ఎవరైనా వ్యాపారం కోసం సర్దితే, ఆ అదనపు మొత్తానికి ఏడాదికి 6 శాతం వడ్డీ వస్తుంది.

ఇది విని బావమరిది నిశ్శబ్దంగా ఉండిపోయాడు. పొద్దున్న ఆరింటికి చెరువు గట్ల మీద మొదలై రాత్రి పద్దు రాసేదాకా నాలుగేళ్లు చేసిన పనికి డీడ్‌లో రూపాయి రాసుకోలేదు, చట్టమూ ఇవ్వదు. బావ మాటేమో, "నేను 20 లక్షలు పెట్టాను, వాడు 5 లక్షలు పెట్టాడు, లాభం మాత్రం చెరి సగం తీసుకున్నాం, నాకేం మిగిలింది?" ఇద్దరిదీ న్యాయమైన బాధే. చెరి సగం అన్న ఒక్క మాటలో వీళ్లు మూడు వేర్వేరు విషయాలు కలిపేశారు: డబ్బు తెచ్చినందుకు ప్రతిఫలం, పని చేసినందుకు ప్రతిఫలం, నష్టం వస్తే భరిస్తానన్నందుకు ప్రతిఫలం. ఈ మూడూ విడదీస్తే తప్ప లెక్క తేలదు.

పెట్టుబడి ఏది, అప్పు ఏది, వాడుకకు ఇచ్చింది ఏది

మొదలు పెట్టినప్పుడు బావ 20 లక్షలు, బావమరిది 5 లక్షలు వేశారు. రెండో ఏడాది మేత కంపెనీ ఒకేసారి ఎక్కువ సరుకు ఎత్తితే రేటు తగ్గిస్తానంటే బావ ఇంకో 4 లక్షలు తెచ్చాడు. పుస్తకంలో అది "బావగారి ఖాతాకు జమ" అని రాసి ఉంది. మరి అది పెట్టుబడా, అప్పా?

తేడా మాటల్లో చిన్నది, డబ్బులో పెద్దది. అప్పు అయితే ఒప్పుకున్న పెట్టుబడికి పైన సర్దిన డబ్బు కింద వస్తుంది, ఏడాదికి 24,000 వడ్డీ వస్తుంది, లాభం వచ్చినా రాకపోయినా. పైగా వ్యాపారం మూసేస్తే బయటివాళ్ల బాకీలు తీర్చాక, పెట్టుబడుల కంటే ముందు ఆ అప్పు తీర్చాలని 48వ సెక్షన్ చెబుతోంది. పెట్టుబడి అయితే వడ్డీ లేదు, వరసలో చివరికి వెళుతుంది.

అదృష్టం ఏమిటంటే డీడ్‌లో ఎవరు ఎంత పెట్టుబడి పెట్టాలో అంకె వేసి ఉంది. 20 లక్షలు అని ఉంది కాబట్టి ఆ పైన ఇచ్చింది సర్దుబాటు కింద వస్తుంది. కొన్ని డీడ్లలో "అవసరాన్నిబట్టి భాగస్తులు పెట్టుబడి పెట్టవలెను" అని మాత్రమే ఉంటుంది. అలాంటి చోట ఒప్పుకున్న పెట్టుబడి ఎంత అన్న ప్రశ్నకే జవాబు ఉండదు. ఇక్కడ ఇద్దరూ అది అప్పేనని ఒప్పుకున్నారు, వడ్డీ కూడా ఎప్పటికప్పుడు ఇచ్చేశారు. కింది లెక్కల్లో అందుకే వడ్డీ కనిపించదు.

ఇంకో చిక్కు గోడౌన్. మేత కట్టలు పేర్చుకోవడానికి రోడ్డు పక్కన ఉన్న బావ సొంత గోడౌన్ వాడారు. డీడ్‌లో దాని ఊసే లేదు. భాగస్తుడు ఒక ఆస్తిని వ్యాపారంలోకి తెస్తే అది ఫర్మ్ ఆస్తి అవుతుందా, లేక వాడుకోమని ఇచ్చిందేనా అన్నది వాళ్ల ఒప్పందాన్నిబట్టి, పుస్తకాల్లో చూపిన తీరునుబట్టి తేలుతుంది. డెల్టాలో రోడ్డు మీద స్థలం నాలుగేళ్లలో ఎంత పెరుగుతుందో చెప్పక్కర్లేదు. ఫర్మ్ ఆస్తి అనుకుంటే ఆ పెరుగుదలలో బావమరిదికీ సగం ఉంటుంది. పుస్తకాల్లో అది ఎక్కడా ఆస్తిగా లేదు, నెలనెలా అద్దె ఖర్చు రాసి ఉంది. దాంతో తగువు రాలేదు. ఆ అద్దె పద్దే లేకపోతే సగం రోజు దీనికే పోయేది.

ఒకే 12 లక్షలు, మూడు రకాల పంపకం

మూడో ఏడాది అన్ని ఖర్చులూ పోను 12 లక్షలు మిగిలింది అనుకుందాం. ఇందులో భాగస్తుల వడ్డీ, జీతం ఇంకా లెక్కలోకి రాలేదు.

వాళ్ల డీడ్ ప్రకారం చెరి 6 లక్షలు. బావ దృష్టిలో ఇది తన 20 లక్షలను, అవతలి 5 లక్షలను ఒకే తూకంలో వేసినట్టు.

పెట్టుబడి దామాషాలో పంచితే 20కి 5, అంటే వందలో 80, 20. బావకు 9 లక్షల 60 వేలు, బావమరిదికి 2 లక్షల 40 వేలు. నెలకు 20,000. దుకాణం తెరిచి మూసి, రైతు చెరువులో రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూపే చెక్ ట్రేలు కూడా తానే చూసొచ్చే మనిషికి అది జీతం కింద కూడా చాలదు. పెట్టుబడి దామాషాయే న్యాయమని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇద్దరూ పని చెయ్యని చోటో, ఇద్దరూ సమానంగా పనిచేసే చోటో వాళ్ల మాట సరైనదే. ఒకరి డబ్బు, ఒకరి ఒళ్లు పెట్టిన వ్యాపారానికి అది సరిపోదు.

మూడో పద్ధతిలో ముందు పెట్టుబడికి ఏడాదికి 12 శాతం వడ్డీ ఇస్తారు. బావకు 2 లక్షల 40 వేలు, బావమరిదికి 60 వేలు. తర్వాత పని చేసే భాగస్తుడికి నెలకు 25,000 చొప్పున 3 లక్షల జీతం. మొత్తం 6 లక్షలు పోను ఇంకో 6 లక్షలు మిగులుతుంది. అది చెరి సగం. అప్పుడు బావకు 2 లక్షల 40 వేలు, 3 లక్షలు కలిపి 5 లక్షల 40 వేలు. బావమరిదికి 60 వేలు, జీతం 3 లక్షలు, వాటా 3 లక్షలు కలిపి 6 లక్షల 60 వేలు. రెండూ కలిపితే మళ్లీ 12 లక్షలే.

మొత్తం పెద్దగా మారలేదు కదా, ఎందుకీ హడావుడి అని బావ అడిగాడు. నిజమే, ఈ అంకెలతో ఆయనకు చెరి సగం కన్నా 60 వేలు తగ్గింది కూడా. తేడా ఎక్కడంటే, ఎవరికి ఏది దేనికోసం వస్తోందో ఇప్పుడు తెలుస్తుంది. రేపు బావమరిది పని తగ్గిస్తే జీతం ఒక్కటే తగ్గించుకోవచ్చు, వాటా జోలికి పోనక్కర్లేదు. బావ ఇంకో 5 లక్షల పెట్టుబడి పెడితే వడ్డీ దానంతటదే పెరుగుతుంది, వాటా గురించి మళ్లీ కూర్చోనక్కర్లేదు.

12 శాతం అన్న అంకే చాలా డీడ్లలో కనిపించడానికి ఆదాయపు పన్ను కారణం. డీడ్‌లో రాసి ఉంటేనే ఫర్మ్ ఆ వడ్డీని ఖర్చుగా చూపించుకోగలదు, అది కూడా 12 శాతం వరకే. జీతమూ అంతే, పని చేసే భాగస్తుడికి మాత్రమే, డీడ్‌లో రాసి ఉంటేనే, చట్టం పెట్టిన పరిమితి లోపల. 2025 ఏప్రిల్ నుంచి ఇలా ఇచ్చే వడ్డీ, జీతం కలిపి ఏడాదికి 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ కూడా పట్టాలి. నోటిమాటగా తీసుకున్న జీతానికి పన్ను లెక్కల్లో విలువ ఉండదు.

లాభం 2 లక్షలే వచ్చిన ఏడాది

డీడ్‌కు అసలు పరీక్ష మంచి ఏడాదిలో కాదు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి మండలంలో సగం చెరువులు ముందే పట్టేసిన ఏడాది 2 లక్షలే మిగిలిందనుకోండి. వడ్డీ 3 లక్షలు, జీతం 3 లక్షలు ఇవ్వాలి. ఉన్నది 2 లక్షలు. ఎవరికి ముందు?

జీతం ముందు అని రాసుకుంటే 3 లక్షలు జీతం పోయి, లక్ష రూపాయల నష్టం మిగులుతుంది. లాభమే లేదు కనుక పెట్టుబడికి వడ్డీ రాదు. నష్టం చెరి 50 వేలు. బావమరిదికి నికరంగా రెండున్నర లక్షలు, బావకు 50 వేలు నష్టం. 20 లక్షలు పెట్టి కూర్చున్న మనిషికి ఏడాది చివర చేతి నుంచి పడింది.

వడ్డీ ముందు అని రాసుకుంటే ఉన్న 2 లక్షలూ 80, 20 దామాషాలో వడ్డీకే పోతుంది. బావకు లక్షా 60 వేలు, బావమరిదికి 40 వేలు. సంవత్సరమంతా తిరిగిన మనిషికి 40 వేలు.

బావ అన్నది, "నా డబ్బు బ్యాంకులో వేసుకున్నా వడ్డీ వచ్చేది." బావమరిది అన్నది, "బావగారూ, నేను ఇంకో ఏజెన్సీలో సేల్స్ చేసినా జీతం వచ్చేది." రెండూ ఒకే వాదన, రెండు వైపుల నుంచి. ఈ వ్యాపారంలో నేను చూసినంతలో నిలబడిన మధ్యేమార్గం ఒకటుంది. జీతాన్ని రెండుగా చెయ్యడం. ఇల్లు గడవడానికి నెలకు 12,000 ఎలాగైనా ఇచ్చేది, దుకాణం అద్దె లాగా ఖర్చే. మిగతా 13,000 లాభం వస్తేనే, వడ్డీ ఇచ్చాకే. అదే ఏడాదికి ఇలా లెక్కేస్తే ఖచ్చితమైన జీతం లక్షా 44 వేలు పోయి 56 వేలు మిగులుతుంది. అది వడ్డీ కింద బావకు 44,800, బావమరిదికి 11,200. ఎవరికీ పూర్తి తృప్తి లేదు, కానీ ఎవరూ నష్టానికి సంతకం పెట్టలేదు.

ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే ఫర్మే ఉండదు

ముగ్గురు భాగస్తుల్లో ఒకరు విరమించుకుంటే ఇద్దరు మిగులుతారు, ఫర్మ్ ఉంటుంది. ఇద్దరిలో ఒకరు వెళితే మిగిలింది ఒక్కరు, ఒక్కరితో భాగస్వామ్యం అనేది లేదు. ఫర్మ్ అక్కడితో రద్దయినట్టే. ఒకరు చనిపోయినా అంతే. "వారసులు కొనసాగుతారు" అని రాసుకున్నా ఇద్దరి ఫర్మ్‌లో ఆ మాట పనిచెయ్యదు. బతికున్న భాగస్తుడు, వారసులు ఒప్పుకుని కొత్త భాగస్వామ్యం పెట్టుకోవాల్సిందే.

అందుకని ఇద్దరి డీడ్‌లో ఉండాల్సిన మాట కొనసాగించడం గురించి కాదు, తీసుకోవడం గురించి. ఒకరు తప్పుకుంటే అవతలివారు సరుకు, బాకీలు, అప్పులతో సహా నడుస్తున్న వ్యాపారాన్ని సొంత వ్యాపారంగా తీసుకుంటారు, తప్పుకున్నవారికి ఫలానా పద్ధతిలో లెక్కకట్టి ఇస్తారు. ఇది లేకపోతే చట్టం చూపించే దారి అమ్మి, అప్పులు తీర్చి, మిగిలింది పంచుకోవడం. మేత దుకాణంలో అమ్మడానికి ఉండేది కట్టలు, కాటా, ఒక ఆటో. అసలు డబ్బంతా రైతుల దగ్గర ఉంటుంది.

తీసుకున్నాయన మాత్రం కొత్తగా మొదలుపెట్టినట్టే. ఫర్మ్ పాన్ మీద ఉన్న జీఎస్టీ, ఫర్మ్ పేరున ఉన్న డీలర్‌షిప్, మేత అమ్మే లైసెన్సు ఆయన సొంత పేరు మీద మళ్లీ తెచ్చుకోవాలి. అందుకే నోటీసు గడువు ముఖ్యం. వనామి రకం రొయ్య పంట దాదాపు నాలుగు నెలలు. మూడు నెలల నోటీసు, లెక్క ముగింపు మార్చి 31కే అని వాళ్ల కొత్త కాగితంలో రాశాం. పంట మధ్యలో లెక్క కడితే బాకీలన్నీ నీళ్లలోనే ఉంటాయి.

8 లక్షలా, లక్షన్నరా?

ఆ మార్చి 31కి పుస్తకంలో ఉన్నదిది. సరుకు 8 లక్షలు, కంపెనీ దగ్గర డిపాజిట్ 5 లక్షలు, ఆటో, ఫర్నిచర్ 3 లక్షలు, నగదు 2 లక్షలు, రైతుల బాకీలు 40 లక్షలు. మొత్తం 58 లక్షలు. ఇవ్వాల్సింది కంపెనీకి 14 లక్షలు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ కింద 10 లక్షలు, బావ అప్పు 4 లక్షలు, మొత్తం 28 లక్షలు. మిగిలిన 30 లక్షల్లో బావ ఖాతాలో 22 లక్షలు, బావమరిది ఖాతాలో 8 లక్షలు.

బావమరిది అడిగింది ఆ 8 లక్షలే. పుస్తకంలో తన పేరున ఉన్న అంకె కదా. బావ అడిగింది, ఆ 40 లక్షల్లో వచ్చేది ఎంత అని.

పద్దు పుస్తకం టేబుల్ మీద పెట్టి ఒక్కో రైతు పేరు చదివించాం. పేరు పక్కన చివరిగా డబ్బు కట్టిన తేదీ రాశాం. మూడు కుప్పలు తేలాయి. ఈ పంటకు మేత తీసుకున్నవాళ్లు, చెరువులో రొయ్య ఉంది, 22 లక్షలు. పంట పట్టేశారు కానీ కొంతే కట్టినవాళ్లు, 10 లక్షలు. రెండేళ్లకు పైగా ఒక్క రూపాయి జమ లేనివాళ్లు, 8 లక్షలు.

మొదటి కుప్ప పూర్తిగా, రెండోది సగం, మూడోది సున్నా అని కడితే 13 లక్షలు నష్టం. నష్టం పంచేది పెట్టుబడి దామాషాలో కాదు, లాభం పంచుకున్న దామాషాలోనే. ఇక్కడే చాలామంది పొరబడతారు. చెరి సగం కనుక చెరి ఆరున్నర లక్షలు. బావమరిదికి 8 లోంచి ఆరున్నర పోతే లక్షన్నర. బావకు పదిహేనున్నర లక్షలు.

8 ఎక్కడ, లక్షన్నర ఎక్కడ. బావమరిది లేచి నిలబడ్డాడు. "ఆ బాకీల్లో సగం నాకు తెలిసినవాళ్లవి. పంట పండితే ఇస్తారు." బావ మాట, "అప్పిచ్చింది నువ్వే కదరా, నన్నడిగి ఇచ్చావా?"

రెండో కుప్పను కూడా సున్నా అంటే నష్టం 18 లక్షలు, చెరి 9. అప్పుడు బావమరిదే తిరిగి లక్ష రూపాయలు ఇవ్వాలి. బాకీలను ఎంతకు కట్టాలన్న ఒక్క ప్రశ్న మీద ఒక మనిషి 8 లక్షలు తీసుకోవడం నుంచి లక్ష కట్టడం దాకా మారిపోతున్నాడు. అందుకే ఈ వ్యాపారంలో విడిపోయే క్లాజ్ అంటే నా దృష్టిలో ముఖ్యంగా బాకీల క్లాజ్.

దీనికి రెండు దారులున్నాయి. ఈరోజే ఒక శాతం వేసి తెంచేసుకోవడం ఒకటి. తప్పుకునేవాడికి కొంత తగ్గినా తలనొప్పి ఉండదు, తీసుకునేవాడు వసూలు ప్రమాదం నెత్తిన వేసుకుంటాడు. రెండోది, సందేహం ఉన్న బాకీలను పక్కన పెట్టి, వసూలైనప్పుడు పంచుకోవడం. ఇది న్యాయంగా కనిపిస్తుంది కానీ విడిపోయినవాళ్లను ఇంకా ఒకే పుస్తకానికి కట్టేస్తుంది. వసూలు చేసేవాడు ముందు తన కొత్త బాకీకి జమ వేసుకుని, పాతది వదిలేస్తాడన్న అనుమానం అడుగడుగునా వస్తుంది.

వీళ్లు రెండోదే ఎంచుకున్నారు. లక్షన్నర లెక్క ఇప్పటికి ఖాయం. రెండు, మూడు కుప్పల్లోని 18 లక్షల్లో 5 లక్షలు ఆ లెక్కలో ఇప్పటికే కలిసిపోయింది, కనుక రెండేళ్లలో 5 లక్షలకు పైన ఎంత వసూలైతే అందులో సగం బావమరిదికి. 8 లక్షలు వసూలైతే పైన 3 లక్షలు, ఆయనకు ఇంకో లక్షన్నర. 5 లక్షల కన్నా తక్కువొస్తే ఆ తగ్గింది బావే భరిస్తాడు, ఎందుకంటే వసూలు పని ఆయన చేతిలో ఉంటుంది. ఆ జాబితాలోని రైతు ఎవరైనా డబ్బు కడితే, కొత్త బాకీ ఉన్నా సరే ముందు పాత పద్దుకే జమ వెయ్యాలని కూడా రాశాం.

ప్రోనోట్ల దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. కొన్ని నోట్లు ఫర్మ్ పేరున కాకుండా బావమరిది సొంత పేరున రాయించుకున్నారు. అలాంటివి వెనక ఎండార్స్ చేసి ఇవ్వాలి. డిమాండ్ ప్రోనోటుకు కాలపరిమితి రాసిన తేదీ నుంచి మూడేళ్లు, ఆ లోపు కొంత జమో, రాతపూర్వకంగా బాకీ ఒప్పుకోవడమో ఉంటేనే మళ్లీ సాగుతుంది. రెండు నోట్లకు గడువు ఆ నెలాఖరుకే ఉంది.

ఫర్మ్ రిజిస్టర్ కాకపోవడం కూడా అప్పుడే బయటపడింది. రిజిస్టర్ చెయ్యని ఫర్మ్ నడుస్తూండగా బాకీ రైతు మీద దావా వెయ్యలేదు. 69వ సెక్షన్ ఆ తలుపు మూసేస్తుంది. దావా వేసే లోపు రిజిస్టర్ చేయించుకుంటే ఇబ్బంది ఉండదు. డీడ్ నోటరీ చేయించాం కదా అని చాలామంది అనుకుంటారు. నోటరీ వేరు, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు వేరు.

గుడ్‌విల్, ఎదురు దుకాణం

పుస్తకంలో లేని ఆస్తి ఒకటి మిగిలింది. నాలుగేళ్లలో ఏర్పడిన పేరు, అలవాటుపడ్డ రైతులు. దీన్నే గుడ్‌విల్ అంటారు, ఇది కూడా ఫర్మ్ ఆస్తే. వడ్డీ, జీతం పోను మిగిలే లాభం గత మూడేళ్ల సగటు 3 లక్షలు అనుకుని, ఒక ఏడాది లాభాన్ని గుడ్‌విల్‌గా కడితే 3 లక్షలు, బావమరిది సగం లక్షన్నర. డీలర్‌షిప్ కంపెనీది, రేపు ఇంకొకరికి ఇస్తే పేరు ఏం చేసుకుంటామని బావ అభ్యంతరం. రైతు దుకాణానికి కాదు, నా మొహం చూసి వస్తాడని బావమరిది సమాధానం. ఆ సమాధానంలోనే మరో ప్రశ్న ఉంది. మొహం చూసి వచ్చే రైతు, ఎదురుగా ఈయన కొత్త దుకాణం పెడితే అటే వెళతాడు.

36వ సెక్షన్ ప్రకారం తప్పుకున్న భాగస్తుడు పోటీ వ్యాపారం పెట్టుకోవచ్చు. పాత ఫర్మ్ పేరు వాడకూడదు, పాత ఖాతాదారులను తనవైపు రమ్మని అడగకూడదు. కొంతకాలం, కొంత ప్రాంతంలో అసలు పోటీ పెట్టనని ఒప్పందం చేసుకుంటే, ఆ హద్దులు సమంజసంగా ఉంటే అది చెల్లుతుంది. కాబట్టి గుడ్‌విల్ డబ్బు, పోటీ నిషేధం ఒకే తక్కెడలో రెండు పళ్లేలు. బావమరిది లక్షన్నర తీసుకుని రెండేళ్లు ఆ మండలంలో మేత అమ్మనని ఒప్పుకున్నాడు. మొత్తం ఇప్పటికి 3 లక్షలు.

ఒక్కసారి ఇచ్చే స్థితిలో బావ లేడు. ఆరు విడతలు, మూడు నెలలకొకటి, బాకీ ఉన్న మొత్తానికి 9 శాతం వడ్డీ. ఏమీ రాసుకోకుండా బావ వ్యాపారం నడుపుకుంటూ లెక్క తేల్చకపోతే, ఆ మధ్యకాలంలో తన సొమ్ము వల్ల వచ్చిన లాభంలో వాటా గానీ, 6 శాతం వడ్డీ గానీ, ఏది కావాలంటే అది బావమరిది అడగొచ్చని 37వ సెక్షన్ చెబుతుంది. 3 లక్షలకు 6 శాతమంటే ఏడాదికి 18,000. ఆ రేటుకు ఇవ్వాల్సినవాడికి తొందర ఉండదు, అందుకే డీడ్‌లో సొంత రేటు పెట్టుకుంటారు.

ధర దగ్గరే ఎంతకీ తెగకపోతే అన్నదమ్ములు పొలం పంచుకునే పద్ధతి కొన్ని డీడ్లలో ఉంటుంది. వాటాలు వేసేది ఒకరు, ఎంచుకునేది ఇంకొకరు. ఇక్కడ ఒకరు దుకాణానికి ధర చెబుతారు, ఆ ధరకు కొనాలా, అమ్మాలా అన్నది రెండోవాళ్లు తేలుస్తారు. చేతిలో డబ్బు సమానంగా ఉన్నవాళ్ల మధ్య ఇది బాగుంటుంది. బావమరిది లాంటివాడికి కొనే స్తోమత లేదని తెలిస్తే అవతలివాళ్లు తక్కువ ధర చెప్పి నెగ్గుతారు. అందుకే వీళ్లకు అది సూచించలేదు.

సంతకం పెట్టాక కూడా వెంటాడే అప్పులు

బావమరిది బయటికి వెళ్లినా బ్యాంకు ఓడీ 10 లక్షలకు, కంపెనీ 14 లక్షలకు ఆయన బాధ్యత పోదు. ఫర్మ్ అప్పులకు ప్రతి భాగస్తుడూ విడిగానూ, కలిసీ పూర్తిగా బాధ్యుడే. "అప్పులన్నీ బావే తీరుస్తాడు" అని ఇద్దరూ రాసుకున్నది ఆ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. బ్యాంకు దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. ఓడీని బావ పేరు మీదకు మార్చి, బావమరిది గ్యారంటీ వదిలేసినట్టు బ్యాంకు నుంచి లెటర్, కంపెనీ నుంచి మరో లెటర్ వచ్చాకే మొదటి విడత ఇవ్వడం, తీసుకోవడం మొదలవ్వాలని రాశాం.

ఆ తర్వాత జరిగేవాటి కోసం పబ్లిక్ నోటీసు. రిజిస్టర్ అయిన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపాలి. రిజిస్టర్ అయినా కాకపోయినా అధికారిక గెజిట్‌లో, ఆ జిల్లాలో తిరిగే తెలుగు పేపర్ ఒకదాంట్లో ప్రకటించాలి. ఇది చెయ్యకపోతే బావ రేపు పాత ఫర్మ్ పేరున సరుకు ఎత్తినా, అప్పు ఇచ్చినవాడు బావమరిది ఇంటికీ రావచ్చు. పేపర్ ప్రకటన ఖర్చు దండగ అని బావ అన్నాడు. బావమరిది మాత్రం ఆ ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు.

కాగితం రాయడం అయ్యాక బాకీల జాబితా ప్రతి పేజీ కింద ఇద్దరి చేత సంతకాలు పెట్టించాం. చివరికి ఒక్క పేరు దగ్గర ఆగారు. ఇద్దరికీ దగ్గరి చుట్టం, లక్షా 60 వేలు బాకీ. మొదటి కుప్పలో వెయ్యమని బావమరిది, మూడో కుప్పలో వెయ్యమని బావ. చెరువులో రొయ్య లేదు, పోయిన పంట పట్టి ఆర్నెల్లయింది, మధ్యలో 20,000 కట్టాడు. పద్దు ప్రకారం అది రెండో కుప్పే. కాసేపు చూసి బావమరిది పెన్ను తీసుకుని ఆ పేరు రెండో కుప్పలో తనే రాశాడు.